ఢిల్లీలో లేని తమ్ముడు

కుక్కపిల్లల పేరు చెప్పి మోసం చేసే దొంగలు ఈ దేశంలో ఎక్కడున్నా పొద్దున్నే లేచి ముఖం కూడా కడుక్కోకుండా ఆర్మూర్ వైపు తిరుగుతారు. "ఇవాళ జయరాజ్ కంట్లో పడకుండా చూడు దేవుడా" అని మొక్కుకుని ఆ తర్వాతే కంప్యూటర్ ముట్టుకుంటారు. ఢిల్లీలో ఒకడు మా తాత గొంతు ఫోన్లో విని అప్పటికప్పుడు ఆ పని మానేసి కూరగాయల బండి పెట్టుకున్నాడు. మా నెట్ సెంటర్‌కు వచ్చేవాళ్లకు నేను ఇలాగే చెబుతుంటాను. ఇందులో సగం నేను కల్పించింది. మిగతా సగం కూడా నేనే కల్పించాను. కానీ ఢిల్లీ వాడు తాత గొంతు విని ఫోన్ పెట్టేయడం మాత్రం నిజం, నేను పక్కనే ఉన్నాను.

మా తాత జయరాజ్ పశువుల దవాఖానలో కాంపౌండర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. చుట్టుపక్కల ఊళ్లలో ఆయన చేతి సూది తగలని గేదె లేదు. మనుషులను పేర్లతో కాకుండా వాళ్ల పశువులతో గుర్తుపెట్టుకుంటాడు. "ఎవరూ, గా కుంటి బర్రె లసుమవ్వ కొడుకా?" అని అడుగుతాడు. ఆ కొడుకు ఇప్పుడు బ్యాంకులో ఆఫీసర్ అయినా సరే.

మా నాన్న లారీ మీద ఉంటాడు. మా అమ్మ దవాఖానలో ఆయా, వారానికో వేళలో డ్యూటీ. నేను ఇంటర్ ఇంగ్లీషులో తప్పి, బతకడానికి ఇంగ్లీషు తప్ప ఇంకేమీ కనిపించని నెట్ సెంటర్ నడుపుతున్నాను. మార్కెట్ యార్డుకు పోయే దారిలో నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, కరెంటు పోతే పనిచేయని ఒక ఇన్వర్టర్. ఇంట్లో మేం నలుగురం ఉన్నామని రేషన్ కార్డు చెబుతుంది. నానమ్మ సువర్ణ పోయాక ఆ ఇంట్లో పగలంతా ఉండేది తాతా, ఆయన కుక్కా.

కుక్క పేరు సిపాయి. జాతి అడిగితే తాత "పెర్కిట్ జాతి" అనేవాడు, అంటే పెర్కిట్ చౌరస్తాలో దొరికిందని. నానమ్మ పోయాక అది ఆమె మంచం కిందే పడుకునేది. వానాకాలంలో అదీ పోయింది. వేపచెట్టు పక్కన తాతే గుంత తవ్వి పూడ్చాడు, నన్ను పార ముట్టనివ్వలేదు. తర్వాత నుంచి పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని నా వెంటే షాపుకు రావడం మొదలుపెట్టాడు. "నీకు లెక్కలు రావు, గిరాకీ మోసం చేస్తరు, కూసుంట" అన్నాడు. మూడో కంప్యూటర్ పక్కన స్టూలు వేసుకుని, రోడ్డు మీద పోయే పసుపు బండ్లను చూస్తూ కూర్చునేవాడు. నా లెక్కలు ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ ఏడు పసుపు సీజన్లోనే గంగాప్రసాద్ వచ్చాడు. ఆలూర్ రైతు, మక్కలూ పసుపూ వేస్తాడు. ఆయన బిడ్డ అంకిత టీవీలో ఒక ఫోన్ ప్రకటన చూసి, అందులో ఉన్నట్టు ముడతల ముఖం కుక్కే కావాలని అన్నం మానేసింది. అప్పట్లో ఇంటింటా అదే గొడవ. గంగాప్రసాద్ నా షాపులోనే వెతికి, ఒక వెబ్‌సైట్‌లో చూసి, వాళ్లు చెప్పిన ఖాతాలో రవాణా ఖర్చు కట్టి వచ్చాడు. ఇప్పుడు మళ్లీ వచ్చి మెయిల్ ప్రింట్ తీయమన్నాడు.

"ఏం కుక్క ప్రసాదూ?" అని తాత స్టూలు మీది నుంచే అడిగాడు.

"పగ్గు సార్. కుక్క ఫ్రీ. కిరాయి ఒక్కటే మనది. అది కట్టిన. ఇప్పుడు కుక్క ఢిల్లీ ఎయిర్‌పోర్టుల ఉన్నదట, ఇన్సూరెన్స్ కట్టకుంటే ఇమానం ఎక్కనియ్యరట. కుక్క ఇంటికొచ్చినంక గా పైసలు వాపస్ ఇస్తరట."

"చూడకుండనే కిరాయి ఎట్ల కట్టినవయ్యా?"

"గదేంది సార్, మనం పసుపు పంపేటప్పుడు లారీకి ముందుగాల డీజిల్ పైసలు ఇస్తలేమా? గట్లనే అనుకున్న."

ఆ మాట మా ఊళ్లో ఎవరన్నా అంటారు. సరుకు ధర వేరు, కిరాయి వేరు, హమాలీ వేరు. కిరాయి ముందు అడిగితే ఇక్కడ ఎవరికీ అనుమానం రాదు. ఆ దొంగకు మా మార్కెట్ సంగతి తెలియదు కానీ, తెలిసినట్టే వల వేశాడు.

"లారీ నీ కండ్ల ముందట నిలబడ్డది," అన్నాడు తాత. "సంచులు ఎక్కినంకనే డీజిల్ పైసలిచ్చినవు. గీ కుక్క ఎక్కిన లారీ నంబరు చెప్పు."

గంగాప్రసాద్ దగ్గర నంబరు లేదు. తాత మూడో కంప్యూటర్ ముందుకు స్టూలు జరిపాడు. మెయిల్లో టీకాల కార్డు ఫొటో ఉంది. దాన్ని పెద్దది చేయమన్నాడు. పిల్ల వయసు ఆరు వారాలు, రేబిస్ సూది వేసినట్టు ముద్ర.

"మూడు నెలలు నిండకుండ రేబిస్ సూది ఎవడేస్తడు? గీడు కుక్కను చూడలె, కార్డును సుత చూడలె."

తర్వాత డబ్బు వేసిన ఖాతా ఎవరి పేరు మీద ఉందని అడిగాడు. వెబ్‌సైట్ పేరు ఒకటి, ఖాతా ఎవరో మనిషి పేరు మీద. "ఇన్సూరెన్స్ కంపెనీ గీయన జేబుల ఉంటదా?" అన్నాడు. ఆ తర్వాత పని నాది. వెబ్‌సైట్‌లో కుక్క గురించి రాసిన ఒక పొడుగు వాక్యాన్ని కాపీ చేసి, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతికాను. అదే వాక్యం ఇంకో ఐదారు సైట్లలో ఉంది. ఒకదాంట్లో పిల్లి అమ్ముతున్నారు, "ఇతను పిల్లలతో బాగా ఆడుకుంటాడు" అన్న మాట కూడా మార్చలేదు.

అప్పుడు తాత గంగాప్రసాద్ ఫోన్ తీసుకుని ఆ నంబరుకు కొట్టాడు. దవాఖాన ఉర్దూలో ఎంతో మర్యాదగా మాట్లాడాడు. మా తమ్ముడు ఢిల్లీలోనే ఉంటాడు, ఇప్పుడే ఎయిర్‌పోర్టుకు వస్తాడు, పిల్లను కళ్లతో చూసి ఇన్సూరెన్స్ అక్కడే చేతిలో పెడతాడు, ఏ గేటు దగ్గరికి రమ్మంటారు అని అడిగాడు. అవతలివాడు రూల్స్ ఒప్పుకోవన్నాడు. తాత, మా తమ్ముడు పోలీసే, రూల్స్ చూసుకుంటాడన్నాడు. అంతే, అవతలివాడు ఫోన్ పెట్టేశాడు. మళ్లీ ఎత్తలేదు.

తాతకు తమ్ముడు లేడు. ఉన్నది మాక్లూర్‌లో ఒక్క అక్క, ఆమెకు కుక్కలంటే భయం.

గంగాప్రసాద్ బ్యాంకులో, పోలీస్ స్టేషన్లో అర్జీలు ఇచ్చాడు. కట్టిన డబ్బు రాలేదు, ఆ ఖాతా అప్పటికే ఊడ్చి పెట్టి ఉంది. కానీ ఇన్సూరెన్స్ డబ్బు మిగిలింది, దాని తర్వాత వచ్చే ఏసీ బోను డబ్బు, క్వారంటైన్ డబ్బు కూడా మిగిలాయి. దొంగలు ఇవన్నీ ఇలా వరుసగా అడుగుతారని మిగతా గిరాకీల వల్ల మాకు తర్వాత తెలిసింది.

ఎందుకంటే గంగాప్రసాద్ ఆ సంగతి మార్కెట్లో అందరికీ చెప్పాడు. కమ్మర్‌పల్లి నుంచి కూడా మనుషులు రావడం మొదలైంది. లాబ్రడార్ కావాలనేవాళ్లు, పామెరేనియన్ కావాలనేవాళ్లు, కుక్కల సామాన్లు అమ్మే సైట్‌లో ఇనుప బోను సగం ధరకు వస్తోందని మురిసేవాళ్లు. ఆ బోను గిరాకీ హన్మండ్లుకు తాత చెప్పింది ఒకటే మాట. "వీపీపీల పంపుమను. పోస్టుమాన్ తెస్తె పైసలు ఆయనకే ఇస్తనను." బోను కంపెనీ మళ్లీ జవాబివ్వలేదు. కుక్కల విషయంలో తల్లి ఫొటో అడిగేవాడు, పిల్లను ఇవాళ్టి పేపర్ పక్కన పెట్టి ఫొటో పంపమనేవాడు, జాతి కుక్కకు కెన్నెల్ క్లబ్ ఇచ్చే కాగితం నంబరు అడిగేవాడు. అన్నిటికన్నా ముందు, అవతలివాడు మనల్ని ఏమైనా అడిగాడా అని చూసేవాడు.

"నిజంగ కుక్కపిల్లలను సాదినోడు ఊకె ఇయ్యడు," అనేవాడు. "ఇంట్ల ఎవరుంటరు, ఏడ పండవెడతరు, ఏం తినవెడతరు అని వంద అడుగుతడు. వచ్చి చూసుకొని పొమ్మంటడు. దొంగకు నువ్వెవరైతేంది, ఖాతాల పడితే సాలు."

చివరికి "మా తమ్ముడు వస్తడు" అనేవాడు. ఆ తమ్ముడు హైదరాబాద్‌లో, బెంగళూరులో, పుణేలో, ఒకే వారంలో మూడు ఊళ్లలో కాపురం పెట్టాడు. కొందరు మాత్రం "రమ్మనండి, మధ్యాహ్నం ఇంట్లోనే ఉంటాం" అనేవాళ్లు. వాళ్లు నిజమైన వాళ్లు. అప్పుడు తాత ఇబ్బందిగా దగ్గి, తమ్ముడికి జ్వరమని చెప్పి ఫోన్ గిరాకీ చేతిలో పెట్టేవాడు.

ఇంత తెలిసిన మనిషి బ్రదర్ మాథ్యూ అనే ఒకణ్ని మాత్రం ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఆ ప్రకటన తాతే చూశాడు. గిరాకీ లేని మధ్యాహ్నం ఆయన ఊరికే కుక్కల ఫొటోలు చూస్తుంటాడు. మేం మిషనరీ దంపతులం, దేవుని పని మీద ఆఫ్రికా వచ్చాం, ఇక్కడి ఎండ మా కుక్కపిల్లకు పడటం లేదు, ప్రేమగా చూసుకునే విశ్వాసుల ఇంటికి ఉచితంగా ఇస్తాం అని రాసి ఉంది. కింద బ్రదర్ మాథ్యూ అన్న పేరు, గోధుమరంగు కుక్కపిల్ల ఫొటో. ఒక చెవి నిలబడి, ఒక చెవి వాలి ఉంది. సిపాయి చెవులు అలాగే ఉండేవి.

"రాయి బిడ్డా," అన్నాడు.

మా ఇద్దరి ఇంగ్లీషు కలిపితే ఒక మనిషి ఇంగ్లీషు అవుతుంది. ఆయనకు మందుసీసాల మీది మాటలు వచ్చు, నాకు కీబోర్డు మీద అక్షరాలు ఎక్కడున్నాయో వచ్చు. కుక్క గురించి ఒక వాక్యం చెప్పి, తర్వాత నానమ్మ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె చర్చిలో ఏ వరసలో కూర్చునేది, ఆమెకు ఏ పాట ఇష్టం. నేను సగం మింగేసి, "మై వైఫ్ ఎక్స్‌పైర్డ్" అని కొట్టాను. నాకు ఆ మాట మందుల ద్వారానే తెలుసు.

మర్నాడు జవాబు వచ్చింది. డియర్ బ్రదర్, రాత్రి బాగా నిద్రపట్టిందా, మీ భార్య కోసం ప్రార్థన చేశాం అని. కుక్క సంగతి కిందెక్కడో ఉంది. తాత దాన్ని నాతో రెండుసార్లు తెలుగులో చదివించుకున్నాడు.

తర్వాత రోజూ అంతే. షాపు షట్టర్ సగం లేచేసరికే వంగి లోపలికి దూరేవాడు. కంప్యూటర్ ఆన్ అయ్యేదాకా దాన్ని తట్టేవాడు, గేదె వీపు తట్టినట్టు. నిద్ర పట్టిందా అని మాథ్యూ అడిగేవాడు. పట్టలేదని తాత రాయించేవాడు. మోకాలు నొప్పి సంగతి, వేపచెట్టు సంగతి, సిపాయి గుంత సంగతి. నాకు తెలియని సంగతులు కూడా నేను ఆ మెయిళ్లలోనే టైపు చేస్తూ తెలుసుకున్నాను. నానమ్మ పోయిన రాత్రి ఆయన నిద్రపోయాడట. అందుకే ఇప్పుడు పట్టడం లేదట. అది టైపు చేశాక నేను స్పెల్లింగ్ చూసుకుంటున్నట్టు చాలాసేపు తెర వైపే చూశాను.

ఒకరోజు అనుకున్నది వచ్చింది. పిల్లను పంపడానికి అంతా సిద్ధం, విమానం కిరాయి మాత్రం మీరు ఢిల్లీలో ఉన్న మా ఏజెంటు ఖాతాలో వేయాలి.

"తాతా, తమ్ముణ్ని పంపుదామా?" అన్నాను.

"దేవుని మనిషికి అబద్ధం చెప్పొద్దు."

"పోనీ పేపర్ పక్కన ఫొటో అడుగుదాం. గది అబద్ధం కాదు గదా."

"నీకు అన్ని కావాలె. గిరాకీని చూసుకో పో."

షాపులో గిరాకీ లేదు. నేను లేని గిరాకీని చూడటానికి గుమ్మంలోకి పోయి నిలబడ్డాను. ఆ పొడుగు వాక్యం పద్ధతి ఆయన ఇంటికి పోయాక నేనే చేసి చూశాను. అదే మిషనరీ దంపతులు, అదే ఎండ, అదే విశ్వాసుల ఇల్లు. ఒక చోట పగ్గు, ఒక చోట చిలక. ప్రింట్ తీసి మర్నాడు తాత ముందు పెట్టాను. ఆయన చూశాడు, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

పింఛను పడే రోజు ఆయన షాపుకు రాలేదు. షట్టర్ దించి బ్యాంకుకు పోయాను. లైన్లో నిలబడి ఉన్నాడు, ఆదివారం చొక్కా వేసుకుని, చేతిలో నింపిన స్లిప్పుతో. నలుగురి తర్వాత ఆయనదే వంతు. అక్కడ అరిస్తే ఊరంతా వింటుంది. కుక్కల దొంగలను పట్టే జయరాజ్ సారే మోసపోయాడని సాయంత్రానికి మార్కెట్లో చెప్పుకుంటారు. ఆయనకు మిగిలింది ఆ పేరు ఒక్కటే. అరవకపోతే పింఛను పోతుంది.

నేను ఇంకా ఆలోచిస్తుండగానే, పంట బీమా కట్టడానికి వచ్చిన గంగాప్రసాద్ పక్క లైన్లోంచి వచ్చి పలకరించాడు.

"ఏం సార్, మీరు గిట్ల వచ్చిండ్రు?" అంటూనే ఆయన కళ్లు స్లిప్పు మీద పడ్డాయి. ఢిల్లీ బ్రాంచి, ముక్కూ మొహం తెలియని పేరు. అలాంటి స్లిప్పు ఆయనా ఒకసారి నింపాడు కదా, గుర్తుపట్టాడు. తాత స్లిప్పును బొటనవేలితో కప్పాడు, కానీ ఆలస్యమైంది.

గంగాప్రసాద్ నా వైపు ఒకసారి చూశాడు. తర్వాత పక్కన ఉన్నవాళ్లకు కూడా వినిపించేలా అన్నాడు, "గిరాకీకి చూపెట్టనీకి నమూనా నింపుకొని తీస్కపోతున్నరా సార్? మంచిగ చేసిండ్రు. గీ స్లిప్పు నాకు ముందుగాల ఎవరన్న చూపెడితే నేను మునుగకపోదును."

తాత ఆయన ముఖంలోకి చూశాడు.

"ఔ," అన్నాడు. "నమూనానే."

లైన్ లోంచి పక్కకు జరిగి, స్లిప్పు మడిచి, నేనిచ్చిన ప్రింట్ ఉన్న జేబులోనే పెట్టుకున్నాడు. గంగాప్రసాద్ తన లైన్లోకి పోయి నిలబడ్డాడు. ఆ తర్వాత ఈ సంగతి ఆయన నోట ఎవరూ వినలేదు.

ఇద్దరం షాపు దారి పట్టాం. యార్డు గోడ దాకా వచ్చాక, లోపల ఎవరో పసుపు కుప్ప పోస్తుంటే ఆ దుమ్ముకు తాత తుమ్మాడు. అప్పుడు అడిగాను.

"నీకు తెల్వదా తాతా, వాడు దొంగని?"

"మొదటి దినమే తెల్సు."

"మరి?"

"కుక్క గురించి వాడు నన్ను ఒక్క మాట అడుగలె. ఏడ పండవెడతవ్, ఏం తినవెడతవ్, ఏం అడుగలె. నా గురించే అడిగిండు." ఆగి, ముక్కు తుడుచుకున్నాడు. "కిరాయి కడితే ఇన్సూరెన్స్ అడుగుతడు. ఇన్సూరెన్స్ కడితే బోను అడుగుతడు. కట్టకుంటే ఇయ్యాల్టితోని బంద్. కడితే ఇంకొన్ని దినాలు రాస్తడు గదా బిడ్డా."

నేను షట్టర్ తాళంచెవి తీసి పట్టుకుని ఆయన పక్కనే నడిచాను.

షాపుకు వచ్చాక చివరి మెయిల్ రాయించాడు. బ్రదర్, కిరాయి కట్టలేను, పిల్ల వద్దు, మీరు ఆరోగ్యంగా ఉండండి. గంటలో జవాబు వచ్చింది. ఈసారి డియర్ బ్రదర్ లేదు. పిల్ల ఇప్పటికే మీ పేరు మీద బుక్ అయింది, డబ్బు కట్టకపోతే మూగజీవాన్ని వదిలేశారని మీ మీద పోలీసు కేసు అవుతుంది అని ఉంది. అలా బెదిరించడం కూడా వాళ్ల వరసలో భాగమే, మేం వేరేవాళ్లకు వచ్చినవి చూశాం. నేను చదివి చెప్పాను. తాత తల ఊపి, ఆ ప్రకటన ఉన్న సైట్‌వాళ్లకు ఇది మోసమని ఫిర్యాదు రాయమన్నాడు. రాశాం. రెండు రోజుల్లో తీసేశారు, కుక్కపిల్ల ఫొటోతో సహా.

ఆ తర్వాత కూడా చాలా రోజులు ఆయన పొద్దున్నే వచ్చి, "ఏమన్న వచ్చిందా?" అనేవాడు. రాలేదనేదాన్ని. "మంచిదే," అని స్టూలు రోడ్డు వైపు తిప్పుకునేవాడు. ఒకరోజు గంగాప్రసాద్ వచ్చి, మా చేను కాడ కుక్క ఈనింది, ఒక పిల్లను తెచ్చి ఇయ్యనా సార్ అన్నాడు. తల్లి పాలు మాన్పియ్యకు, నేనే వచ్చి చూస్తా అన్నాడు తాత. ఇంకా పోలేదు. మోకాలు అంటాడు.

నేను మాత్రం బ్యాంకుకు పోయి వచ్చిన మర్నాటి నుంచే పొద్దున్నే టీ గ్లాసు ఇస్తూ, "డియర్ బ్రదర్, రాత్రి నిద్ర పట్టిందా?" అని అడగడం మొదలుపెట్టాను. మొదట కోపం చేశాడు, తర్వాత జవాబు చెప్పడం మొదలుపెట్టాడు. ఒక్కో రోజు అది షాపు తెరిచేదాకా సాగేది.

ఇదంతా రాసి నిన్న ఆయనకు చదివి వినిపించాను. దొంగలు ఆర్మూర్ వైపు తిరిగి మొక్కుతారన్న చోట నవ్వాడు. నానమ్మ సంగతి వచ్చిన చోట కిటికీలోంచి బయటకు చూశాడు. అయిపోయాక, ఎలా ఉంది తాతా అని అడిగాను.

"రాసుడు మంచిగనే ఉన్నది," అన్నాడు. "గని గీ రాసుట్ల పడి మూడు దినాలాయె, నిద్ర పట్టిందా అని నన్ను అడుగలె నువ్వు. గా దొంగోడే నయం."